తొమ్మిది రోజులుగా నెట్ లేదు, ఈ కంప్లయింట్ పంపొచ్చా?

శిరీష, కూకట్‌పల్లి: జూన్ 3 నుంచి మా బ్రాడ్‌బ్యాండ్ రావట్లేదు. ఇంటి నుంచే పని, రోజూ ఫోన్ డేటా కొనుక్కుంటున్నా. ఇది రాసి పెట్టుకున్నా: "మీకసలు సిగ్గుందా? ఎన్నిసార్లు ఫోన్ చేయాలి? మనిషి రాకుండానే పని అయిపోయిందని మెసేజ్ పెడతారా? మీది మోసాల కంపెనీ. డబ్బు వాపసు చేయకపోతే కోర్టుకి ఈడుస్తా." పంపేయనా?

వెంకట్: పంపేయండి, అప్పుడే దిగొస్తారు! నేరుగా టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్‌కి కూడా పెట్టండి.

రమణమూర్తి: వెంకట్ గారూ, ట్రాయ్ విడి విడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీకే చెప్పి, ఆ ఫిర్యాదుకి ఇచ్చే డాకెట్ నంబరు తీసుకోవాలి. న్యాయం జరగకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, ఫీజేమీ లేదు.

శిరీష గారూ, మీ ఉత్తరంలో కోపం తప్ప వాళ్లు పట్టుకుని పని చేయడానికి ఏమీ లేదు. నంబరు లేదు, తేదీ లేదు. అందులో పనికొచ్చే ముక్క ఒక్కటే, మనిషి రాకుండా టికెట్ మూసేయడం. దాన్ని తేదీతో చెప్పాలి. మోడెం పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందా? ఏయే తేదీల్లో ఫిర్యాదు చేశారు?

శిరీష: అవునండీ, LOS దగ్గర. రోజూ ఆపి ఆన్ చేయమంటున్నారు. జూన్ 3, 6, 9 తేదీల్లో ఫిర్యాదు చేశా, ఎవరూ రాకుండానే అయిపోయిందని మెసేజ్ వచ్చింది 9నే.

రమణమూర్తి: అంటే ఫైబర్‌లో సిగ్నలే రావట్లేదు, ఆపి ఆన్ చేస్తే రాదు. ఆ మాట రాస్తే మళ్లీ అదే సలహా చెప్పలేరు. ఇలా పంపండి:

"కస్టమర్ నంబరు ___, డాకెట్ ___. జూన్ 3 ఉదయం నుంచి కనెక్షన్ లేదు. LOS లైటు ఎర్రగా ఉంది, ఫోటో జతచేశాను. జూన్ 3, 6, 9 తేదీల్లో ఫిర్యాదు చేశాను. 9న ఎవరూ రాకుండానే పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది. స్క్రీన్‌షాట్ జతచేశాను. జూన్ 14 సాయంత్రం 6లోపు లైన్‌మన్‌ని పంపి ఫైబర్ సరిచేయండి. లేదంటే ఇదే డాకెట్ నంబరుతో అప్పీలు వేస్తాను."

సుజాత: మా ఏసీ మెకానిక్ కూడా ఇంతే, అడ్వాన్స్ తీసుకుని మాయమయ్యాడు. ఏ నెట్ మంచిదో ఎవరైనా చెప్పండి, మారిపోతా.

శిరీష: డబ్బు సంగతి తీసేశారేంటండీ? నెలకి 900, రోజుకి 30 చొప్పున 270 రావాలి.

రమణమూర్తి: రెండూ ఒకే ఉత్తరంలో అడిగితే, సులువైనది చేసేసి టికెట్ మూసేస్తారు. లైను వచ్చాకే కదా ఎన్ని రోజులు పోయాయో తేలేది. అప్పుడు ఇంకో డాకెట్.

ఫర్హానా: నేనైతే ఒప్పుకోనండీ. మేం ఒకే మెయిల్‌లో రెండూ 1, 2 అని నంబర్లు వేసి అడిగాం, బిల్లు తగ్గించారు. తర్వాత అడిగితే గడువు దాటిందన్నవాళ్లూ ఉన్నారు.

శిరీష: ఇప్పటికి లైన్‌మన్ సంగతే పంపాను. 9న ఫోన్‌లో డాకెట్ నంబరు ఇవ్వలేదు, మెసేజ్‌లో వెతుకుతున్నా.