‘నో సూనర్’ తర్వాత ‘బట్’ ఎక్కడ చదివాను?

బనశంకరి పాఠకురాలు: డిగ్రీలో చదివిన షేక్‌స్పియర్ వాక్యం ఒకటి సగమే గుర్తొస్తోంది. ‘నో సూనర్ మెట్ బట్ దే...’ తర్వాత లుక్డా, లవ్డా? అసలు అక్కడ దాన్ ఉండాలి కదా?

వైట్‌ఫీల్డ్ కుర్రాడు: దానే అయ్యుంటుందండీ. పైగా నో సూనర్ వచ్చిందంటే హాడ్ ముందుకు రావాల్సిందే. మీ వాక్యంలో హాడే లేదు.

జయనగర్ మేష్టారు: బట్టే. ‘యాజ్ యు లైక్ ఇట్’ అయిదో అంకం, రెండో రంగం. రోసలిండ్ ఓర్లాండోతో అంటుంది: మీ అన్న, మా చెల్లి ‘నో సూనర్ మెట్ బట్ దే లుక్డ్, నో సూనర్ లుక్డ్ బట్ దే లవ్డ్’. ఆ తర్వాత నిట్టూర్పులు. ఆ రోజుల్లో బట్ మామూలే. ఇక హాడ్ సంగతి. నో సూనర్ వాక్యం మొదట్లో కూర్చుంటేనే సహాయక క్రియ కర్త ముందుకు దూకుతుంది. ఇక్కడ అన్నా చెల్లీ ముందే వచ్చేశారు, ఇంక దూకేదేముంది?

మల్లేశ్వరం అమ్మ: మా పాప పరీక్షలో ‘నో సూనర్ డిడ్ ద బెల్ ర్యాంగ్ దాన్ ద చిల్డ్రన్ ర్యాన్ అవుట్’ అని రాస్తే మార్కు కోసేశారు. దాన్ బదులు బట్ రాయాలా మేష్టారూ?

జయనగర్ మేష్టారు: వద్దమ్మా! ఈ రోజుల్లో దానే రాయాలి. తప్పు ర్యాంగ్ దగ్గరుంది. భూతకాలం డిడ్ మోసేసింది కాబట్టి రింగ్ చాలు. హాడ్ పెడితే ‘హాడ్ ద బెల్ రంగ్’. రెండో సగంలో తలకిందులేమీ లేదు, ర్యాన్ అలాగే ఉంచండి.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు: మరి నా మెయిల్లో ‘హార్డ్‌లీ హాడ్ వుయ్ రిలీజ్డ్ ద బిల్డ్ దాన్ ద సర్వర్ వెంట్ డౌన్’ అని రాస్తే మా లీడ్ దాన్ చుట్టూ ఎర్రగా గీశాడు. సర్వర్ పడిన టెన్షన్లో వ్యాకరణం!

జయనగర్ మేష్టారు: మీ లీడ్ సరిగ్గానే గీశాడు. సూనర్‌లో పోలిక ఉంది, దానికి దాన్ కావాలి. హార్డ్‌లీలో పోలిక ఎక్కడిది? వెన్ రాయాలి, బిఫోర్ అయినా ఫర్వాలేదు. స్కేర్స్‌లీకీ అంతే.

బనశంకరి పాఠకురాలు: అలా కొట్టిపారేయకండి మేష్టారూ. హార్డ్‌లీ తర్వాత దాన్ రాసిన మంచి రచయితలు ఉన్నారు. రోసలిండ్ బట్‌ని క్షమించి, ఈ పిల్లాడి దాన్‌ని ఎందుకు క్షమించరు?

జయనగర్ మేష్టారు: చెవికి నో సూనర్ అలవాటైపోయి చేతికొచ్చిన దాన్ అది. నేను మాత్రం ఒప్పుకోను.

మల్లేశ్వరం అమ్మ: ‘నాట్ ఓన్లీ’ మొదట్లో వచ్చినా తలకిందులేనా? రేపు దాని మీదే టెస్టు.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు: ఎప్పుడూ తలకిందులే అక్కా, ‘నాట్ ఓన్లీ డిడ్ హీ సింగ్’ లాగా.

బనశంకరి పాఠకురాలు: ఎప్పుడూ కాదు బాబూ. ‘నాట్ ఓన్లీ రవి బట్ ఆల్సో హిజ్ ఫ్రెండ్స్ వర్ లేట్’లో నాట్ ఓన్లీ అంటుకున్నది రవికి, క్రియకి కాదు. అందుకే వర్ కదల్లేదు. మేష్టారూ, హార్డ్‌లీ సంగతి నేనింకా వదల్లేదు.