"తాళానికి ఇల్లు వేశావా?": నోరు జారినా 'కి' ఎందుకు జారలేదు?

సత్యనారాయణపురం అక్క:
బెజవాడ బస్టాండులో గుంటూరు బస్సు కోసం నిలబడి ఉంటే పక్కనావిడ ఫోన్లో కొడుకుని "తాళానికి ఇల్లు వేశావా?" అని అడిగింది. మరుక్షణం "అదే, ఇంటికి తాళం" అని సర్దుకుంది. మాటలు తారుమారయ్యాయి, అంతవరకు సరే. కానీ 'తాళం' అంత తొందరలో 'తాళాని'గా ఎలా మారింది? 'ఇంటి' మళ్ళీ 'ఇల్లు' ఎలా అయింది? నోరు జారేటప్పుడు కూడా వ్యాకరణం ఇంత శుద్ధంగా ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి తమ్ముడు:
అక్కా, ఇది ఫ్రాయిడ్ ఎప్పుడో చెప్పాడు. మనసులో అణచిపెట్టుకున్నదే నోటి వెంట వచ్చేస్తుంది. ఆవిడకి ఇంటి గురించి ఏదో టెన్షన్ ఉండుంటుంది, అందుకే 'ఇల్లు' ముందుకి తోసుకొచ్చింది.

బ్రాడీపేట మాస్టారు:
తమ్ముడూ, ముందుకి వచ్చింది ఇల్లు కాదు, తాళం. ఇంకోసారి చదువు. ఫ్రాయిడ్ 1901లో రాసిన దానికి ముందే, 1895లో, వియన్నాకి చెందిన మెరింగర్ అనే భాషావేత్త, మాయర్ అనే వైద్యుడు కలిసి ఇలాంటివి బోలెడు పోగేసి అచ్చేశారు. ఫ్రాయిడ్ వాటిలోంచే కొన్ని తీసుకున్నాడు. సభ ప్రారంభిస్తున్నాను అనబోయి ముగిస్తున్నాను అన్న సభాపతి కథ కూడా అలా తీసుకున్నదే. అక్కడ మనసులో ఏముందో వెతకడం కొంత సబబే, ఒక మాట బదులు దానికి సరిగ్గా వ్యతిరేకమైన మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ రెండు మాటలూ ఆవిడ అనదలుచుకున్నవే, చోట్లు మారాయంతే. మనసులో ఎంత టెన్షన్ ఉన్నా 'తాళాని' అనే రూపం ఎందుకొచ్చిందో అది చెప్పలేదు.

అక్కగారూ, మీరు సరైన చోట పట్టుకున్నారు. తెలుగులో మాటల వరస మారితే తప్పు కాదు. "ఇంటికి తాళం వేశావా", "తాళం ఇంటికి వేశావా", రెండూ చెల్లుతాయి. అంటే మాటలు వాటి ప్రత్యయాలతో సహా చోటు మారి ఉంటే మీరు తల కూడా తిప్పేవారు కాదు. ఆవిడ నోట 'కి' ఉన్నచోటే ఉండిపోయింది, దాని ముందున్న మాట మాత్రం మారింది. ఇప్పుడు రూపాలు చూడండి. అప్పటికే తయారై ఉన్న 'ఇంటి', 'తాళం' అటూ ఇటూ అయితే "తాళంకి ఇంటి వేశావా" అని రావాలి. అలా రాలేదు. కి ముందు పడ్డ తాళం 'తాళాని' అయింది, కి లేని చోట పడ్డ ఇల్లు ఇల్లుగానే ఉండిపోయింది. కాబట్టి తారుమారు జరిగే వేళకి 'ఇంటి' అనే రూపం ఇంకా పుట్టలేదు. ఇల్లు అనే భావం, తాళం అనే భావం, దేనికి ఏ చోటు అన్న లెక్క, ఇవే ఉన్నాయి. ఆ లెక్కలో పొరపాటు జరిగింది. తర్వాత రూపాలు కట్టే పని వచ్చి, తనకి అందినవాటికి తన పని తాను సరిగ్గా చేసుకుపోయింది.

ఇంగ్లీషులో ఈ సంగతిని 1975లో మెరిల్ గారెట్ అనే ఆయన వివరంగా చూపించాడు. కానీ ఇంగ్లీషు నామవాచకం విభక్తిని బట్టి రూపం మార్చుకోదు. మన ఇల్లు-ఇంటి, నోరు-నోటి, చెయ్యి-చేతి ఉన్నాయి చూశారా, వీటివల్ల ఏది ముందు ఏది తర్వాత అన్నది తెలుగులో ఇంకా తేటగా కనిపిస్తుంది.

మంగళగిరి చెల్లి:
మా అమ్మమ్మ ఇప్పటికీ రిక్షాని రిస్కా అంటుందండీ! ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇది కూడా ఇలాంటిదేనా? ఏదైనా ఎక్సర్‌సైజ్ చేయిస్తే పోతుందా?

బ్రాడీపేట మాస్టారు:
కాదమ్మా. అమ్మమ్మగారికి ఆ మాట అదే. ఎప్పుడన్నా రిస్కా అనే అంటారు, సర్దుకోవాలని కూడా అనిపించదు. ఆవిణ్ణి మార్చాల్సిన పనేం లేదు. నోరు జారడమంటే సరైన రూపం తెలిసిన మనిషికి ఆ ఒక్కసారి తప్పిపోవడం. బస్టాండులో ఆవిడ "అదే" అని వెంటనే సర్దుకుందే, అదీ గుర్తు.

మంగళగిరి చెల్లి:
సరేనండీ. మరి మావారు మొన్న బండి దగ్గర "రెండు ప్లేట్లు బిరపకాయ మజ్జీ" అన్నారు. బండబ్బాయి కూడా నవ్వాడు. అది జారడమే కదా?

బ్రాడీపేట మాస్టారు:
అది అచ్చంగా జారడమే, మంచి ఉదాహరణ ఇచ్చావు. పైగా ఇది వేరే జాతి. ఇక్కడ మాటలు చోటు మారలేదు, మొదటి శబ్దాలు మాత్రం మారాయి. మ అటు, బ ఇటు. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, మారినవి రెండూ మాట మొదట్లోవే. మాటలైతే కాస్త ఎడంగా ఉన్నా మారతాయి, కానీ నామవాచకం చోటికి ఎక్కువగా నామవాచకమే వెళ్తుంది. శబ్దాలకి ఆ పట్టింపు లేదు, పక్కన ఏ మాటుంటే దాంతో కలబడతాయి. ఒకే చోట ఒకే పనిలో రెండు రకాల పొరపాట్లూ జరుగుతుంటే వాటి తీరు ఇంత వేరుగా ఉండకూడదు. అందుకే రెండు దశలు ఉన్నాయంటారు: ముందు మాటలకి చోట్లు, ఆ తర్వాత శబ్దాలు.

నరసరావుపేట టీచరు:
మాస్టారూ, నాకో అనుమానం. "ఇంటికి తాళం వెయ్యి" అంటాం, కానీ "ఇంటి తాళం తియ్యి" అంటాం. కి పెట్టాలా వద్దా అన్నది చివర వచ్చే క్రియని బట్టి ఉంది. మరి మొదటి మాట అనేటప్పటికే చివరి క్రియ కూడా తయారుగా ఉండాలి కదా? అలాగైతే మనం మాట్లాడుతూ మధ్యలో "ఇంటికి... అదీ... తాళం..." అని నసుగుతామెందుకు?

బ్రాడీపేట మాస్టారు:
గట్టి ప్రశ్నే. వేయడమో తీయడమో తెలియకుండా కి పెట్టలేం, కాబట్టి క్రియ సంగతి ఏదో మేరకు ముందే తేలాలి. అయితే 'వేశావా' అన్న శబ్దమంతా సిద్ధంగా ఉండక్కర్లేదు. నసిగేది శబ్దాలు అందకనా, క్రియే తేలకనా అన్నది ఒక్క నసుగుడు విని చెప్పలేం. మనలాగే క్రియ చివర వచ్చే జపనీస్ మీద 2016లో ఒక పరిశోధన వచ్చింది. కర్మని పలికే ముందే క్రియని ఎంచుకుంటున్నారనీ, కర్తని పలికే ముందు మాత్రం అలా కనిపించలేదనీ తేల్చారు. తెలుగులో 'కి' దగ్గర ఏమవుతుందో ఎవరైనా కూర్చుని చూడాల్సిందే.

తెనాలి తమ్ముడు:
ఫ్రాయిడ్ సంగతి ఒప్పుకుంటా మాస్టారూ, సభాపతి వరకే. కానీ ఇదంతా మన చెవిని నమ్మి చెప్తున్నాం కదా. ఆవిడ నిజంగా 'తాళానికి' అందో, 'తాళంకి' అంటే అక్క చెవి సర్దిందో?

బ్రాడీపేట మాస్టారు:
ఆ భయం నిజమే. చెవి సర్దుతుంది. పైగా మాటలు మారితే ఠక్కున పట్టుకుంటాం, ఒక్క శబ్దం తేడా అయితే చాలావరకు వదిలేస్తాం. నోటి కదలికల్ని యంత్రాలతో కొలిచిన తర్వాత తెలిసింది, మనకి శుభ్రంగా 'బ' అని వినిపించిన చోట కూడా నాలుకో పెదవో సగం ఇటు సగం అటు కదిలిన సందర్భాలు ఉన్నాయని. శబ్దాల జారుడు విషయంలో చెవిని గుడ్డిగా నమ్మకూడదు. మాటల జారుడులో ప్రమాదం తక్కువ, 'ఇల్లు', 'ఇంటి' ఒకదానికొకటి వినిపించేంత దగ్గరగా లేవు. 'తాళంకి' మాత్రం కొందరు మామూలుగానే అంటారు, అందుకని నేను 'ఇల్లు' మీదే ఎక్కువ ఆధారపడతాను.

సత్యనారాయణపురం అక్క:
'ఇల్లు' అనే అంది, అది ఖాయం. ఇంకొకటి అడుగుతా మాస్టారూ. "కాలికి చెప్పులు వేసుకో" అనబోయి తారుమారైతే "చెప్పులకి కాలు" అని రావాలా, "చెప్పుకి కాళ్ళు" అని రావాలా? ఇందులో 'లు' కూడా ఉంది.

బ్రాడీపేట మాస్టారు:
బహువచనం మాటతో పాటు పోతుందా, 'కి' లాగా చోటుకి అంటుకుని ఉంటుందా అని అడుగుతున్నారు. ఇంగ్లీషులో బహువచనపు గుర్తు వెనకే ఉండిపోయిన ఉదాహరణలు చాలానే ఉన్నాయి. తెలుగులో నేను విన్నది "చెప్పులకి కాలు" ఒక్కటే, ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ అనలేను. మీరెవరైనా వింటే అన్న మాట, అనబోయిన మాట, రెండూ అప్పటికప్పుడే రాసుకోండి. సాయంత్రానికి గుర్తున్నది రాస్తే ప్రత్యయాలు మనమే దిద్దేస్తాం.

నరసరావుపేట టీచరు:
మా క్లాసులో "చెప్పుకి కాళ్ళు" లాంటిది ఒకటి విన్నట్టే ఉంది మాస్టారూ, "పలకలకి బలపం" అనబోయి "బలపాలకి పలక" అన్నాడో పిల్లాడు.

బ్రాడీపేట మాస్టారు:
అందులో 'లకి' చోటుకే అంటుకుంది, 'బలపానికి పలకలు' అని రాలేదు. అంటే బహువచనం మాటతో వెళ్ళలేదు! నేను విన్నదానికి ఇది ఎదురు. వాడు అనబోయింది "పలకలకి" అనే మీకు గట్టిగా గుర్తుందా, "పలకకి బలపాలు" కాదు కదా?