వెన్నుపాముపై ఒత్తిడి అనుమానం: బెంగళూరులో ఈ రాత్రే ఎమ్మారై, రేడియేషన్ రెండూ ఎక్కడ దొరుకుతాయి?

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన మా అమ్మగారికి కొంతకాలంగా నడివీపులో నొప్పి ఉంది. పడుకున్నా దగ్గినా అది ఎక్కువై, పట్టీ బిగించినట్టు ఛాతీ చుట్టూ పాకుతుంది. ఈ ఉదయం నుంచి పాదాలు తిమ్మిరెక్కి, మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోతున్నాయని అంటున్నారు. మూత్రం మాత్రం మామూలుగానే వస్తోంది.

అపాయింట్‌మెంట్ సోమవారానికి ఉన్నా, అంతవరకు ఆగవద్దని ఫోన్‌లో డ్యూటీ డాక్టరు గారు గట్టిగా చెప్పారు. వెన్నుపూసకు పాకిన గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండవచ్చునని, ఒత్తిడి ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండే అవకాశం ఉన్నందున వెన్నెముక మొత్తానికి ఎమ్మారై తీయాలని, చికిత్స మొదలయ్యేనాటికి నడవగలిగేవారే సాధారణంగా నడక నిలుపుకుంటారని, కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టమని వివరించారు. ముఖం, మెడ ఉబ్బడం, మెడ నరాలు పొంగడం, పడుకుంటే ఆయాసం ఉన్నాయా అని కూడా అడిగారు. అవి ఛాతీలోని పెద్ద సిర మూసుకుపోయిన సూచనలట, వాటికీ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలట. అమ్మగారికి అవేవీ లేవు.

మేము మారతహళ్లి నుంచి ఇప్పుడే బయలుదేరుతున్నాము. రాత్రి ఎమ్మారై తీసి, అవసరమైతే ఆదివారమే రేడియేషన్ మొదలుపెట్టే, వెన్నెముక సర్జన్ కూడా అందుబాటులో ఉండే ఆసుపత్రి ఏదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా? వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ ఇస్తారట. అమ్మగారికి మధుమేహం ఉంది కనుక, మీ ఇంట్లోవారికి ఆ మందు ఇచ్చినప్పుడు చక్కెరను ఎలా అదుపు చేశారో కూడా తెలియజేయండి.