అపార్ట్‌మెంట్ కథ చెప్పేది ‘మేము’నా, ‘మనం’నా?

బెళ్ళందూరు కథకురాలు:
కథ బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్‌ది. గొలుసు పోయిందని పనమ్మాయిని గేటు దగ్గరే ఆపేస్తారు. రెండు నెలలకి అది సోఫా సందులో దొరుకుతుంది. కథంతా ఫ్లాట్లవాళ్ళు ‘మేము’ అంటూ చెబుతారు. చదివినాయన ఒకరు ‘మనం’ అని మార్చమన్నారు. మార్చనా?

పాత పాఠకుడు:
మార్చేయండి. ‘మేము’ అంటే పాఠకుడు గట్టు మీద కూర్చుని చూస్తాడు. ‘మనం’ అంటే తనూ నీళ్ళలో దిగాల్సిందే. శ్రమ కూడా లేదు. మేము ఆపాం, మనం ఆపాం, క్రియ ఒకటే కదా. మొత్తం ఒకేసారి మార్చేస్తే సరి.

జయనగర్ అనువాదకుడు:
క్రియ ఒకటేనన్నది నిజం. మిగతాది ఒప్పుకోలేను. ‘మనం’ అనగానే వింటున్నవాళ్ళకీ ఫ్లాటు ఉందని తేల్చేసినట్టే. ఇళ్ళల్లో పనిచేసే మనిషే ఈ కథ చదివితే? ఆమెను గేటు బయట రెండోసారి నిలబెట్టినట్టవుతుంది. ‘మేము’లో ఆ బలవంతం లేదు, కానీ గోడ ఎక్కడుందో కనిపిస్తుంది. ఈ కథకు కావలసింది ఆ గోడే. పక్కనే ఉన్న కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒకటే, అక్కడ ఈ తేడా వాక్యంలో ఇంకోచోట చూపించాలి. మనకు ఊరికే దొరికింది.

క్రియ ఒకటే కాబట్టి చేయగలిగే పని ఇంకొకటుంది. మొదటి పేజీలో సర్వనామమే వదిలేయండి. “లిఫ్టులో కలిసినప్పుడల్లా గొలుసు సంగతే మాట్లాడుకున్నాం.” ఇందులో పాఠకుడు ఉన్నాడో లేడో తేలదు, హాయిగా మనతో పాటే కబుర్లలో కూర్చుంటాడు. గేటు దగ్గరికి వచ్చాక “మేము చెప్పలేదు, సెక్యూరిటీయే ఆపాడు” అనండి. తొలి ‘మేము’ అక్కడే పడాలి, అదీ తప్పు తోసేసే వాక్యంలో.

మైలాపూర్ నుంచి:
మా సంఘం నోటీసులో “మేము తీర్మానించడమైనది” అని రాస్తే సెక్రటరీ “మనం” అని దిద్దారు. అద్దెకున్నవాళ్ళకూ పోయే నోటీసు మరి. ఏది కరెక్టు?

జయనగర్ అనువాదకుడు:
నోటీసు సంగతి వేరండీ. అయినా అద్దెకున్నవాళ్ళు ఆ తీర్మానంలో ఉన్నారా లేరా అన్నది మీ సెక్రటరీ ఒక్క మాటతో తేల్చేశారు, చూశారా. “తీర్మానించడమైనది” చాలు, ‘మేము’ కొట్టేయండి.

బెళ్ళందూరు కథకురాలు:
గోడ సంగతి అర్థమైంది. కానీ ‘మేము’ మరీ అన్నీ తెలిసినవాళ్ళలా మాట్లాడుతోంది. ఒకచోట “మేమంతా సిగ్గుపడ్డాం” అని రాశాను. అబద్ధంలా ఉంది.

జయనగర్ అనువాదకుడు:
అబద్ధమే. ‘-ఆం’తో ముగిసే ప్రతి క్రియ కింద గీత గీసి, ఆ పని ఎంతమంది ఒకేసారి చేయగలరో అడగండి. చూడటం, వినడం, అనుకోవడం గుంపు చేయగలదు. సోఫా సందులో చెయ్యి పెట్టడం ఒక్కరే చేయాలి. అక్కడ ‘మాలో ఒకరు’ అనక తప్పదు, ఆ చీలికే మీ కథకు మలుపు. అమెరికన్ రచయిత ఫాక్‌నర్ 1930లో అచ్చేసిన ‘ఎ రోజ్ ఫర్ ఎమిలీ’లో ఊరంతా ‘మేము’ అంటూ కబుర్లు చెబుతుంది. అర్ధరాత్రి దాటాక ఎమిలీ ఇంటి నేలమాళిగలో సున్నం చల్లింది మాత్రం ‘నలుగురు మగాళ్ళు’. చివర దిండు మీది వెంట్రుకను తీసేదీ ‘మాలో ఒకరే’. మాటలు గుంపువి, చేతలు ఎవరో కొందరివి.

ఇంకోటి. మీ ‘మేము’ “ప్రెసిడెంటుగారు వచ్చారు, పనమ్మాయి వచ్చింది” అంటుంది. గొలుసు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. తీర్పు ఆ క్రియలోనే అయిపోయింది, వేరే వ్యాఖ్య అక్కర్లేదు. పశ్చాత్తాపం వచ్చాక కూడా ‘వచ్చింది’నే ఉంచండి. అక్కడ ‘వచ్చారు’ చేశారంటే గుంపును మీరే క్షమించేసినట్టు.

పాత పాఠకుడు:
‘మనం’ మీద పట్టు కాస్త సడలిస్తున్నా. కానీ గొలుసు దొరికిన తర్వాత ఒక్కసారైనా ‘మనం’ పడకపోతే పాఠకుడు “వాళ్ళ అపార్ట్‌మెంట్ కథ” అని దులుపుకుని పోతాడు.

కథల గుంపు సభ్యురాలు:
నా అభ్యంతరం అసలు గుంపు గొంతు మీదే. తప్పు అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. గేటు యాప్‌లో ఆమె పేరు తీసేసిన వేలు ఒక్కరిది. ఆ వేలుకు ఫ్లాట్ నంబరు ఇవ్వకపోతే ‘మేము’ దాక్కోవడానికే పనికొస్తుంది.

జయనగర్ అనువాదకుడు:
దాక్కుంటున్నారని పాఠకుడికి తెలిస్తే చాలని నా లెక్క. తెలుగులో ‘మా’ ఒక్కరికీ చెల్లుతుంది, ‘మా ఇల్లు’, ‘మా ఆయన’ అంటాం కదా. “మా సోఫాలోనే దొరికింది” అని రాస్తే ఆ ‘మా’ అందరిదా, ఒకావిడదా అన్నది పట్టుకోవడం పాఠకుడి పని.

కథల గుంపు సభ్యురాలు:
పట్టుకోలేకపోతే?

బెళ్ళందూరు కథకురాలు:
“మా సోఫా” అని రాసి చూశాను. ఫ్లాట్ నంబరు ఇంకా పెట్టలేదు. పనమ్మాయికి పేరు మాత్రం ఎక్కడా లేదని ఇప్పుడే గమనించాను. సెక్యూరిటీ రిజిస్టరులో అయినా ఒకచోట ఉండాలి కదా.