అన్నీ టిక్ అయినా 27 తేడా: వెతకాలా, రైట్ ఆఫ్ చేయాలా?

చిల్లరలెక్క: బ్యాంకు స్టేట్‌మెంటులోని ప్రతి లైనుకీ మా లెక్కల పుస్తకంలో టిక్ పెట్టాను. అయినా పుస్తకం 27 ఎక్కువ చూపిస్తోంది. ఇంత చిన్న మొత్తానికి వెతుకులాట ఎందుకు, రైట్ ఆఫ్ చేసేయమంటున్నారు మా మేనేజరు. చేసేయొచ్చా?

తొమ్మిదో ఎక్కం: 27ని 9తో భాగిస్తే శేషం లేదు. అంటే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి, 63 బదులు 36 పడుంటుంది. ఎంట్రీలన్నీ మళ్లీ చూడండి.

పాతఖాతా: మీరు చేత్తో టిక్ పెట్టారా, సాఫ్ట్‌వేరే కలిపిందా? కొన్ని సాఫ్ట్‌వేర్లు కాస్త తేడా ఉన్నా చూసీచూడనట్టు కలిపేస్తాయి. చేత్తో, రెండు వైపులా మొత్తం సమానమని చూశాకే పెట్టుంటే ఎంట్రీల జోలికి మళ్లీ వెళ్లకండి. తారుమారుకి చోటు మీరు టైప్ చేసిన క్లోజింగ్ బ్యాలెన్సులోనే ఉంటుంది. అదీ సరిగ్గా ఉంటే తప్పు ఈ నెలది కాదు, ఓపెనింగ్‌ది. తొమ్మిది సూత్రం పనికొచ్చేదే, కానీ ప్రతి తొమ్మిది సంఖ్యల్లో ఒకటి ఎలాగూ భాగింపబడుతుంది.

రెండోకాపీ: మీరిచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకి చేరలేదేమో? మాకు ప్రతి నెలా ఇదే గోల.

చిల్లరలెక్క: అవి పక్కన పెట్టాకే 27 అండీ. చేత్తోనే పెట్టాను. క్లోజింగ్ సరిగ్గానే ఉంది. కానీ ఓపెనింగ్ స్టేట్‌మెంటులో 48,250, సాఫ్ట్‌వేరులో 48,277! పోయిన నెల సున్నా తేడాతో ముగించాను, ఒట్టు.

పాతఖాతా: ముగించాక ఎవరో పాత ఎంట్రీని ముట్టుకున్నారు. పోయిన నెల సేవ్ చేసిన రిపోర్టు తీసి, అందులో క్లియరైన లైన్లను ఇప్పటి లెడ్జరుతో ఒక్కొక్కటిగా పోల్చండి. పుస్తకం ఎక్కువ చూపిస్తోంది కాబట్టి పోయింది ఖర్చే అయ్యుండాలి. అలాగని 27 లైను కోసమే చూడకండి. 1,027 ఖర్చు చెరిగి, 1,000 జమ కూడా చెరిగినా మిగిలేది 27 ఎక్కువే. రైట్ ఆఫ్ చేస్తే ఆ రెండూ కప్పబడిపోతాయి.

చిల్లరలెక్క: దొరికింది. బ్యాంకు చార్జీ 27. డూప్లికేట్ అనుకుని మావాళ్లొకరు డిలీట్ చేశారు. లాగ్‌లో ఉంది.

పాతఖాతా: పాత తేదీతోనే మళ్లీ వేసి, క్లియర్ అని గుర్తు పెట్టండి. ఓపెనింగ్ 48,250కి దిగుతుంది.

నెలతాళం: ఒప్పుకోను. మూసేసిన నెలను తెరవకూడదు. ఈ నెల తేదీతో వేసి, వివరణ రాయాలి.

పాతఖాతా: డిలీట్ చేసినప్పుడే తెరిచారుగా! పాత తేదీతో వేస్తే అప్పుడు ఇచ్చిన రిపోర్టుకి పుస్తకం మళ్లీ సరిపోతుంది. ఈ నెలలో వేస్తే రెండు నెలల ఖర్చులూ తప్పే.

నెలతాళం: 27కి తాళం తీస్తే రేపు 27 వేలకీ తీస్తారు. మా దగ్గరైతే ఆ తాళం నేనే పెట్టాను, తీయను.

తొమ్మిదో ఎక్కం: 9తో భాగింపబడింది కదా, నేను చెప్పలా!