రెజ్యూమే తెరిస్తే పిచ్చి గీతలంట, ఏం చేయాలి?

కడప పండిట్: పొద్దున్నుంచి తల పట్టుకుని కూర్చున్నా. తెలుగు పండిట్ పోస్టుకు ఒక స్కూలుకు రెజ్యూమే మెయిల్ చేశాను. ఫోన్ చేస్తే "అక్షరాలే లేవు మేడం, అన్నీ పిచ్చి గీతలు" అన్నారు. మళ్లీ పంపితే అసలు రాలేదంటున్నారు. రేపే ఆఖరు. ఎవరైనా చెప్పండి.

హైవే 44: పీడీఎఫ్ చేసి పంపు.

డీటీపీ బాబాయి: ఏ ఫాంట్? రెండోసారి ఏం పంపావమ్మా?

కడప పండిట్: ఏడు రోడ్ల దగ్గర నెట్ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించిన వర్డ్ ఫైలే. రెండోసారి ఆధార్, సర్టిఫికెట్లు కూడా కలిపి జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టాను. ఇవన్నీ చెప్పాలా?

డీటీపీ బాబాయి: అసలు సంగతే అది కదమ్మా! అను ఫాంట్‌లో నీకు తెలుగు అక్షరం కనిపించే చోట, ఫైల్ లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఆ ఫాంట్ లేని సిస్టంలో ఆ గుర్తులే బయటపడతాయి. ఇక పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో ఏముందో మెయిల్ సర్వర్ తెరిచి చూడలేదు. అందుకే స్పామ్‌లో పడేయొచ్చు, లేదా ఆపేయొచ్చు. ఆధార్ ఇప్పుడెందుకు? అడిగినప్పుడు ఇద్దువు.

హైవే 44: నేను చెప్పిందీ అదే. పీడీఎఫ్.

డీటీపీ బాబాయి: సగమే కరెక్టు. పీడీఎఫ్‌లోకి ఫాంట్ కూడా చేరితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అందులో పేరు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్, మళ్లీ అవే గీతలు. వాళ్లు నీ పేరుతో వెతికితే దొరకదు. యూనికోడ్‌లో, అంటే గౌతమి లాంటి ఫాంట్‌లో, మళ్లీ కొట్టి వర్డ్‌లోనే పీడీఎఫ్‌గా సేవ్ చెయ్. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు తారుమారవుతాయి, ఒక్కో మాటా చూసుకోవాలి.

అనంత మిత్ర: నేను కాగితాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి పంపాను. ఉద్యోగం కూడా వచ్చింది.

డీటీపీ బాబాయి: మనిషి చదివితే సరే సార్. అది ఫోటో, వెతికితే అందులోనూ ఏమీ దొరకదు. అమ్మా, ఫైల్ పేరేంటి?

కడప పండిట్: "నా రెజ్యూమే కొత్తది ఫైనల్".

డీటీపీ బాబాయి: పాత మెయిల్ ప్రోగ్రాముల్లో తెలుగు పేరు చెదిరి, చివరి `.pdf` కూడా పోవచ్చు. అప్పుడు డబుల్ క్లిక్ చేసినా తెరుచుకోదు. `Lakshmi_Telugu_Pandit.pdf` లాగా నీ పేరు, పోస్టు పెట్టు.

భాషాభిమాని: తెలుగు పండిట్ పోస్టుకు ఇంగ్లీషు పేరా? సిగ్గుచేటు. మనమే ఇలా తలవంచితే కంపెనీలు సాఫ్ట్‌వేర్ ఎందుకు మారుస్తాయి?

డీటీపీ బాబాయి: లోపలంతా తెలుగే కదా స్వామీ. జీమెయిల్‌లో తెలుగు పేరు బాగానే వెళ్తుంది. ఆ స్కూల్లో ఏం వాడుతున్నారో మనకేం తెలుసు?

భాషాభిమాని: తెలియనప్పుడు భయపెట్టడం ఎందుకు?

కడప పండిట్: నోట్‌ప్యాడ్‌లో చూశాను బాబాయ్, నిజమే. మళ్లీ కొడుతున్నా, థాంక్స్. ఈ కీబోర్డులో బండి ఱ ఎక్కడుంది?

హైవే 44: ఫోన్‌లో కొట్టు.