మార్కుల పునఃపరిశీలన కోరుతూ లేఖ ఇలా రాయవచ్చా?

గుంటూరులో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. మిర్చి యార్డు హమాలీలపై రాసిన అసైన్‌మెంటుకు 20కి 11 మార్కులు వచ్చాయి. సిద్ధాంత అన్వయానికి 8కి 3 వేసి, పక్కన ఎర్ర సిరాతో "వర్ణన మాత్రమే" అని రాశారు. చాలా బాధ కలిగింది. ముందే ప్రకటించిన ప్రమాణాల్లో "భావనను క్షేత్ర సమాచారానికి అన్వయిస్తే 5 లేదా 6" అని ఉంది. కూలి సమానమే అయినా మేస్త్రీకి ఎక్కువ గౌరవం ఎందుకు దక్కుతుందో, మాక్స్ వెబర్ చూపిన వర్గం, హోదాల తేడాతో నాలుగో పేజీలో వివరించాను.

లేఖలో ఇలా రాశాను: "మేడమ్ గారూ, రెండో ప్రమాణాన్ని దృష్టిలో ఉంచుకుని నాలుగో పేజీ మూడో పేరాను దయచేసి మరోసారి పరిశీలించగలరా?" నా కష్టం, తోటివారి మార్కుల ప్రస్తావన తీసేశాను, అవి ప్రమాణాల్లో లేవు కదా. మిగతా విభాగాల మార్కులపై అభ్యంతరం లేదని కూడా చేర్చాలా? లేఖను ముందు మేడమ్ గారికే ఇవ్వాలా, నేరుగా విభాగాధిపతికి ఇవ్వాలా?